నూట పదహారు పౌండ్ల తెల్ల చీర

మా దుకాణంలో ఒక తెల్ల పట్టుచీర ఉండేది. దాని ధర ముప్పై తొమ్మిది వేల నూట పదహారు రూపాయలు. అంత విలువ దానికి లేదు. ఆ సంగతి నాకు తెలుసు, దుకాణం నడిపే మా మేనకోడలికి తెలుసు, నెలకొకసారి వచ్చి ఫాల్‌లు పట్టుకుపోయే దర్జీకి కూడా తెలుసు. అది ఎవరూ కొనకూడదని పెట్టిన ధర. పెట్టించింది నేనే.

దుకాణం పంజాగుట్టలో, పెద్ద బట్టల షోరూముల వెనుక సందులో, మొదటి అంతస్తులో ఉంది. క్రైస్తవ పెళ్ళికూతుళ్ళు కట్టుకునే తెల్ల చీరలు, ముసుగులు మాత్రమే అమ్ముతాము. దాన్ని మొదలుపెట్టింది నా భార్య. మా సంఘంలో ఏ పెళ్ళి జరిగినా పెళ్ళికూతురికి చీర కట్టి, ముసుగుకు పిన్నులు పెట్టేది ఆమే. కట్టే చేతులకు కొనే పని కూడా అప్పజెప్పారు. కొనే పని అమ్మే పని అయింది. తరువాత ఆమె అన్నగారి కూతురు చదువు ముగించి వచ్చి, ఆ వ్యాపారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. నేను ఒక ప్రభుత్వ సంస్థ ఆడిట్ విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి. అమీర్‌పేటలో ఇల్లు. ఒక్క స్టేషను మెట్రోలో వచ్చి, సాయంత్రం దాకా లెక్కలు చూసి పోతాను.

లెక్కలంటే అక్కడ మూడు అంకెలు. కొనేవారికి తెర మీద కనబడిన అంకె, వారి కార్డు నుంచి తీసుకున్న అంకె, మా బ్యాంకుకు చేరిన అంకె. ఈ మూడింటినీ పక్కపక్కన రాసి, తేడా ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో తేల్చడమే నా పని. నాకు ఇందులో ఒక తృప్తి ఉంది. మనుషులు చెప్పినవి నేను ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. అంకెలు అబద్ధమాడితే పట్టుబడతాయి.

మొదటి ఏడాది మా సైటుకు పైన ఒక పట్టీ ఉండేది. ఆస్ట్రేలియా నుంచి చూసేవారికి ధరను డాలర్లలో, ఇంగ్లండు నుంచి చూసేవారికి పౌండ్లలో చూపేది. చూపడమే దాని పని. తీరా డబ్బు కట్టే చోటికి వెళ్ళేసరికి ధర మళ్ళీ రూపాయలుగా మారిపోయేది. కార్డు మీద పడేది రూపాయల మొత్తమే. దాన్ని అక్కడి బ్యాంకు తన రేటుకు డాలర్లలోకి మార్చుకొని, విదేశీ లావాదేవీ రుసుము వేరే వేసుకునేది. మెల్‌బోర్న్‌లో ఉండే ఒక పెళ్ళికూతురి తల్లి మాకు ఉత్తరంలాంటి మెయిల్ రాసింది. పేజీలో రెండువందల ఐదు డాలర్లని చూశానని, బ్యాంకు వాళ్ళు రెండువందల పదమూడు తీశారని, దేవుని ఎదుట కట్టుకునే పెళ్ళి వస్త్రాలు అమ్మేవారు ఇలా చేయవచ్చునా అని.

నేను ఆ రోజు మారకపు రేటు, బ్యాంకు రేటు, రుసుము శాతం, అన్నీ ఒక కాగితం మీద వేసి నా భార్యకు చూపాను. మా తప్పు ఒక్క పైసా లేదు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని శ్రద్ధగా చూసింది.

"నీ లెక్క మంచిగనే ఉంది," అంది. "గని గా తల్లి చూసిన అంకె ఏది?"

"రెండువందల ఐదు."

"ఇచ్చిన అంకె?"

"రెండువందల పదమూడు."

"మరి గింత పెద్ద కాగితం దేనికయ్యా?"

ఎక్కువ పడిన ఎనిమిది డాలర్లూ వాపసు పంపించింది. అది వెళ్ళేటప్పుడు మళ్ళీ మారకంలో ఎంతో కొంత అరిగే ఉంటుంది. తరువాత ఆ పట్టీని తీసేయించి, కొనేవారి కరెన్సీలోనే డబ్బు తీసుకొనే చెల్లింపు సంస్థకు మార్పించింది. అప్పటి నుంచి ఇంగ్లండు నుంచి చూసేవారికి పౌండ్లలో కనబడుతుంది, పౌండ్లలోనే కార్డు మీద పడుతుంది. మధ్యలో మారకపు గొడవ వారిది కాదు. చెల్లింపు సంస్థ ఆ పౌండ్లను ఆ రోజు రేటుకు రూపాయలు చేసి, తన రుసుము పట్టుకొని, మిగిలింది మాకు వేస్తుంది. మారకం ఎక్కువైనా తక్కువైనా, ఆ బరువు మా మీదే.

ధర ఎంత చూపాలన్న దానికి ఆ ఏర్పాటులో రెండు దారులు ఉన్నాయి. ఏమీ చేయకుండా వదిలేస్తే, రూపాయల ధరను ఆనాటి రేటుతో యంత్రమే మారుస్తుంది. రేటు కదిలితే ధర కదులుతుంది. లేదంటే ఒక్కొక్క దేశానికి మనమే ఒక ధర చేత్తో వేసి స్థిరపరచవచ్చు. వేశామా, ఇక రేటుతో దానికి పని లేదు. మళ్ళీ మనం మార్చేదాకా అదే నిలుస్తుంది.

నా భార్యకు మొదటి దారి బొత్తిగా నచ్చలేదు. పెళ్ళి చీర నూట పన్నెండు పౌండ్ల ముప్పై ఏడు పెన్నీలేమిటని ఆమె బాధ. మా వాళ్ళలో మందిరంలో పెళ్ళి జరిగినా చదివింపులు నూట పదహార్లే, ఐదువందల పదహార్లే. పెళ్ళి వస్త్రానికి సున్నాతో ముగిసే ధర ఉండకూడదు, చిల్లర ఉండకూడదు, పదహారు ఉండాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకొని దేశదేశానికీ చెప్పేది. "ఇంగ్లండుకు నూట పదహారు వెయ్యి. ఆస్ట్రేలియాకు రెండువందల పదహారు. మలేసియాకు ఆరువందల పదహారు." పన్నెండు వేల నూట పదహారు రూపాయల చీరకు ఆనాటి మారకంలో ఈ అంకెలు ఇంచుమించు సరిపోయాయి. అమెరికా డాలరు దగ్గర మాత్రం ఆమెకు చిక్కు వచ్చింది. నూట పదహారు వేస్తే నష్టం, రెండువందల పదహారు వేస్తే అన్యాయం. "వాళ్ళ తకదీర్ల పదహారు లేదు. మిషిన్‌కే ఇడిసిపెట్టు," అంది.

నేను చెప్పిన తెల్ల చీర ఆ రోజుల్లో వచ్చింది. ఫొటోలు తీసేనాటికి చీరలు కట్టి చూపే మా దుకాణం బొమ్మ భుజం విరిగి మరమ్మతుకు పోయింది. అందుకని నా భార్యే కొంగును చేతి మీద వేసుకొని నిలబడింది. ముఖం రాలేదు. మోచేతి నుంచి వేళ్ళ దాకా వచ్చింది. గడియారం ముఖాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకోవడం ఆమె అలవాటు. ఫొటోలో పట్టీ, దాని కొక్కెం మాత్రమే కనబడతాయి. బొటనవేలి పక్కన సూది గుచ్చుకొని గుచ్చుకొని గట్టిపడిన చర్మం, పెద్దది చేసి చూస్తే, కనబడుతుంది.

ఆ ఏడు గడవకముందే ఆమె జబ్బుచేసి కన్నుమూసింది.

ఆ చీర ఎవరూ కొనకుండానే ఉండింది. సైటులో మా పద్ధతి ఏమిటంటే, ఒక్కటే ఉన్న చీర అమ్ముడైతే పేజీ తీసేస్తాము. ఆ చీర పోతే ఆ ఫొటో కూడా పోతుంది. ఫొటో కాపీ నా దగ్గర ఉంది, పెట్టెలో దాచుకోవచ్చు. కానీ దాచుకొన్న ఫొటో వేరు. ఇంకా ఎవరికో చీర చూపిస్తూ, పనిలో ఉన్న చెయ్యి వేరు. రోజుకొకసారైనా కొత్తవాళ్ళు ఎవరో ఆ పేజీ తెరిచి చూసేవారు. వారి ఎదుట ఆమె కొంగు పట్టుకొని నిలబడే ఉండేది.

పేజీని మూసేస్తే సరిపోతుందని మేనకోడలు అంది. అమ్మేది కాదని రాద్దామని అంది. రెండింటికీ నేను ఒప్పుకోలేదు. నిల్వలో ఉన్న సరుకును లేదనడం నా వల్ల కాదు, నిల్వలో ఉన్న సరుకుకు ధర లేకపోవడం అంతకన్నా కాదు. "అయితే ధర పెంచు," అన్నాను. ఆమె నవ్వి, పన్నెండు వేలను ముప్పై తొమ్మిది వేలు చేసింది. చివర పదహారు అలాగే ఉంచింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. భుజాన ల్యాప్‌టాప్ సంచి, మెడలో అమీర్‌పేట కోచింగ్ సెంటరు గుర్తింపు కార్డు. చెప్పులు బయట విడవకుండానే గుమ్మంలో నిలబడి ఫోను మా వైపు తిప్పింది.

"మేడం, గీ చీర మీదేనా?"

మేనకోడలు చూసి అవునంది.

"గిట్లెట్లా చేస్తరు మేడం? మా అక్క లండన్ దిక్కు ఉంటది. ఆమెకేమో నూట పదహారు పౌండ్లు సూపెడుతుండ్రు. నాకేమో ముప్పై తొమ్మిది వేలు. నేను గూగుల్‌ల లెక్క చేసిన. మూడువందల ముప్పై పౌండ్లకు పైనే అయితది. ఊర్ల ఉన్నోళ్ళకు మూడింతలా?"

"నూట పదహారా?" అని మేనకోడలు నా వైపు చూసింది.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. మేము పెంచింది రూపాయల ధర. డాలరుకు యంత్రం లెక్క వేస్తున్నది కాబట్టి అమెరికాలో అది తనంతట తాను పెరిగి ఉంటుంది. పౌండుకు నా భార్య చేత్తో వేసిన ధర ఉంది. ఆ ధర రూపాయల వైపు తిరిగి చూడదు. ఆస్ట్రేలియాలోనూ, మలేసియాలోనూ అంతే. నేను ఎవరికీ అందకుండా పైన పెట్టాననుకొన్న చీర మూడు దేశాల్లో ఆమె పెట్టిన చోటే, చేతికందే ఎత్తులోనే ఉంది. మా మూడు అంకెలలో మొదటిదాన్ని నేను ఎప్పుడూ హైదరాబాదులో కూర్చొని రూపాయల్లోనే చూసుకున్నాను. అమ్మకం లేదు గనుక మిగతా రెండు నా ముందుకు రానే లేదు.

"అట్లయితే నేనే ఇక్కడ లండన్ అని పెట్టి కొంటా అనుకున్న," అంది ఆ అమ్మాయి, కుర్చీలో కూర్చొంటూ. "పైన దేశం మార్చే డబ్బా ఉంది కదా. గండ్ల ఇంగ్లండు నొక్కిన. నూట పదహారు వచ్చింది. మస్తు ఖుషీ అయిన. మా హాస్టల్ అడ్రస్ కొట్టంగనే మళ్ళ ముప్పై తొమ్మిది వేలు! చూడుండ్రి, మీ సైటు నన్ను పట్టేసింది."

మేనకోడలికి నవ్వు ఆగలేదు. "దానికి నువ్వు ఏ దిక్కు నుంచి చూస్తున్నవో మొదట నెట్ అడ్రస్‌ను బట్టి తెలుస్తది చెల్లె. నువ్వు దేశం మారిస్తే సరే అంటది. గని సరుకు పోయేది అమీర్‌పేటకైతే అమీర్‌పేట ధరే. పైసలు కట్టే కాడ దాన్ని మోసం చెయ్యలేవు."

"మరి నన్ను మీరు మోసం చేసుడు?"

"మోసం కాదమ్మా," అన్నాను. "పొరపాటు."

"ఎవరి పొరపాటు అంకుల్? అక్కదా, నాదా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఏ ధర పొరపాటో ముందు నేను తేల్చుకోవాలి.

అక్కడి నుంచి ఆ అమ్మాయి కొంత మెత్తబడింది. అక్క ఒక వృద్ధుల ఆశ్రమంలో నర్సు. అక్కడే పనిచేసే తెలుగు అబ్బాయితో పెళ్ళి కుదిరింది. వీసాలు రాలేదు, సెలవులు లేవు, అక్కడి చిన్న మందిరంలోనే చేసుకుంటున్నారు. ఇంటి నుంచి ఎవరూ వెళ్ళడం లేదు.

"మేం పోలేం. చీరన్న పోవాలె కదా," అంది. "అమ్మ ఏమన్నదంటే, నువ్వు పోయి చేత్తోని పట్టుకొని చూసి రా, ఫొటోల అన్నీ మంచిగనే ఉంటయి అన్నది. అక్క మాత్రం గీ చీరే అంటది. నెలల సంది చూస్తుంది. వేరే సైట్ల రేట్లు పొద్దుకొకటి, మాపుకొకటి ఉంటయట. గిదొక్కటి కదల్తలేదట. ఇంకోటేందంటే..." ఫోనులో ఫొటోను పెద్దది చేసింది. "గీ చెయ్యి. తక్కినయన్నీ బొమ్మల మీద ఉన్నయి. గీ చెయ్యి మీద చూస్తే చీర ఎంత బరువుంటదో తెలుస్తున్నది అన్నది మా అక్క. రోజూ ముసలోళ్ళను లేపి కూసోబెట్టేది కదా, ఆమెకు బరువు చూడంగనే తెలుస్తది. గిది మీ చెయ్యా మేడం?"

"మా అత్తమ్మది," అంది మేనకోడలు.

"ఉన్నరా?"

"లేదు."

ఆ అమ్మాయి ఫోనును మెల్లగా బల్ల మీద బోర్లించింది. తరువాత చెప్పులు విడవడానికి లేచి వెళ్ళింది.

ఆమె గుమ్మం దగ్గర ఉన్నంతసేపు మేనకోడలు నాతో తగ్గు గొంతుతో మాట్లాడింది. "మామయ్యా, ఫికర్ చెయ్యకుండ్రి. వాళ్ళక్క ఇంకా పైసలు కట్టలే. కార్ట్‌ల పెట్టుకున్నా సరే, మనం ధర మారిస్తే గక్కడ మారిపోతది. ఇప్పుడే ఇంగ్లండు ధర తీసేస్త. మిషిన్ లెక్క మీద మూడువందల ముప్పై అయితది. పొరపాటని చెప్పి ఇంకో చీర చూపిస్త."

"ఒకవేళ అప్పుడే కట్టేస్తే?"

"కట్టినా ఏమైతది? క్యాన్సిల్ చేసి నూట పదహారుకు నూట పదహారు పౌండ్లు వాపసు ఇస్తం. ఆమెకు ఒక్క పెన్నీ పోదు. రేటు తేడా వస్తే అది మనకు."

అంతా సరిగ్గానే చెప్పింది. ఆ పని చేసే దారి తెరిచే ఉంది, ఎవరికీ నష్టం లేదు. ఆ అమ్మాయికి వేరే చీరలు ఉన్నాయి. నాకు వేరే ఫొటో లేదు. మేనకోడలు ఇంగ్లండు ధరల పేజీ తెరిచి ఉంచింది. పొడుగాటి పట్టికలో ఒక గడి. దానిలో నూట పదహారు. ఆ గడిలోకి అంకె ఎలా వచ్చిందో నాకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. భోజనమయ్యాక, మజ్జిగ గ్లాసు చేతిలోనే పట్టుకొని, "ఇంగ్లండుకు నూట పదహారు వెయ్యి" అన్న గొంతు. ఆమె దుస్తులు ఇచ్చేశాము. ఆమె ఫోను నంబరు ఎవరికో వెళ్ళిపోయింది. ఈ గడిలో మాత్రం ఆమె ఇచ్చిన ఆజ్ఞ ఒకటి, ఆమె లేకపోయినా, ఇన్ని నెలలుగా అమలులో ఉంది. దాన్ని తుడిచేస్తే చీర దక్కుతుంది. ఉంచితే చీర పోతుంది.

ఆ అమ్మాయి వచ్చి అక్కకు వీడియో కలిపింది. అక్కడ ఇంకా ఉదయం. యూనిఫాంలో ఉన్న ఒక మనిషి, తడి జుట్టు, వెనుక కెటిల్ చప్పుడు.

"అక్కా, షాపుల ఉన్న. చీర ఉన్నది, అబద్ధం కాదు."

"చూపియ్యవే జల్ది. డ్యూటీ ఉంది."

మేనకోడలు చీర తెచ్చి మడతలు విప్పింది. ఒక చేత్తో లైటు సరిచేయాలి, ఒక చేత్తో అంచు చూపాలి. కొంగు పట్టుకోవడానికి మనిషి లేక నాకు ఇచ్చింది. నేను ముందుకు చాపిన చేతి మీద వేసింది. ముప్పై ఏళ్ళకు పైగా బట్టల ఇంట్లో ఉన్నాను. పెళ్ళి చీర కొంగును చేతి మీద మోయడం అదే మొదలు. జరీ అంచు దగ్గర అది అనుకోనంత బరువు.

"అంకుల్, జర పైకి," అంది చెల్లెలు.

"ఇంకా పైకి అంకుల్," అంది ఫోనులోంచి అక్క. "నేను దేవుని ఎదుట నిలబడేటప్పుడు గంతసేపు మోయాలె కదా. మీ చెయ్యి వణికితే నాకు భయమైతది."

"నాది వయసమ్మా," అన్నాను. "చీరది కాదు."

ఆమె నవ్వింది. తరువాత నవ్వు ఆపి, నేరుగా అడిగింది. "అంకుల్, ఒక మాట. చెల్లె చెప్పింది. గక్కడ ముప్పై తొమ్మిది వేలంట. నాకు నూట పదహారంట. నాది తప్పు ధరైతే ఇప్పుడే చెప్పుండ్రి. కట్టినంక క్యాన్సిల్ అంటే మాత్రం నేను తట్టుకోలేను. ఒకసారి మనసుల కట్టుకున్నంక మళ్ళ విప్పుడు కాదు."

మేనకోడలు వేలు మౌసు మీద ఉంది. నా వైపు చూస్తున్నది.

నేను కాగితం మీద లెక్క వేయగలిగి ఉంటే వేసేవాణ్ణి. నూట పదహారు పౌండ్లు ఆ రోజు రేటుకు ఎన్ని రూపాయలో, రుసుము పోను ఎంత మిగులుతుందో నోటికే చెప్పగలను. దానిలో మాకు నష్టం లేదు. పైగా పౌండు పెరిగింది. లెక్క ప్రకారం నేను పెట్టిన ధరకే ఏ ఆధారమూ లేదు. ఒక్క కారణం ఉంది, దానికి గడి లేదు.

"నీకు కనబడింది నూట పదహారే కదమ్మా?"

"అవు."

"అదే ధర. ముప్పై తొమ్మిది వేలు పొరపాటు."

మేనకోడలు మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది.

ఆ అక్క ఫోను పక్కన పెట్టి డబ్బు అప్పుడే కట్టింది. మధ్యలో ఓటీపీ కోసం ఒకసారి ఆగింది. కెటిల్ ఆగిన చప్పుడు వినబడింది. తరువాత, "పోయినయి," అంది. "బ్యాంకు మెసేజ్ వచ్చింది. నూట పదహారు పాయింటు సున్నా సున్నా. ఒక్క పెన్నీ ఎక్కువ తియ్యలే. నేను ఇండియా సైట్ల కొన్నప్పుడు ఎప్పుడూ ఎంతో కొంత మీద పడుతుండె."

"ఇక్కడ పడదు," అంది మేనకోడలు. "మా అత్తమ్మ పడనియ్యలే."

ఆ మధ్యాహ్నం చీరను నేనే మడత పెట్టబోయి, రాక, మేనకోడలికి ఇచ్చేశాను. చెల్లెలు పక్కన నిలబడి పలుచని కాగితాలు అందిస్తూ, "అంకుల్, మా అక్క పెళ్ళి వీడియో పంపిస్త, చూడుండ్రి," అంది. మేనకోడలు ఆమెతో అంది, "నీ పెళ్ళికి వస్తే నీకు కూడా పౌండ్లల్లనే ఇస్త తీయ్." "నాకు అమీర్‌పేట ధరే ఉంచుండ్రి మేడం, గని అమీర్‌పేటోళ్ళకు అందేటంత," అని ఆ పిల్ల మెట్లు దిగి వెళ్ళింది.

పద్ధతి ప్రకారం సాయంత్రం పేజీ తీసేశాము. తీసే ముందు మేనకోడలు అడిగింది, ఇంకొన్నాళ్ళు ఉంచుదామా అని. చీర లేని పేజీలో చీర చూపించడం నా భార్యకు ఇష్టం ఉండేది కాదు. తీసేయమన్నాను. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, మలేసియా గడులు కూడా దానితోపాటే పోయాయి. డబ్బు మా బ్యాంకులో పడ్డాక మూడు అంకెలూ రాశాను. చూపింది నూట పదహారు, తీసుకొన్నది నూట పదహారు, చేరినది రూపాయల్లో, రేటు, రుసుము వివరంతో సహా. ఇంత శుభ్రంగా కుదిరిన వరుస నా లెక్కల్లో తక్కువ. ఎప్పుడూ కలిగే తృప్తి ఆ సాయంత్రం కలగలేదు. మెట్రోలో కూర్చోక, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నడిచి వెళ్ళాను. ఇంటికి త్వరగా చేరకూడదని కాదు. అడగవలసిన మనిషి లేని ఇంటికి అడగవలసిన మాటతో పోవడం కష్టంగా అనిపించింది. ఆ మాట కూడా చిన్నదే: మంచిగనే చేసిన్నా?

పది రోజుల లోపలే నేతగాళ్ళ నుంచి కొత్త చీరలు వచ్చాయి. అందులో ఒకటి తెల్లది, సన్న జరీ. బొమ్మ మీద ఫొటో తీశారు. మేనకోడలు రూపాయల ధర పదిహేను వేల నూట పదహారని వేసి, దేశాల పట్టిక తెరిచి, ఇంగ్లండు గడి మీద ఆగింది.

"మామయ్యా, ఎంత వెయ్యాలె?"

ఇంతవరకు ఆ గడిలో నేను అంకె వేయలేదు. ఉన్న అంకెలను సరిచూడటమే నా జీవితమంతా. నూట పదహారు వేద్దామా అంటే తక్కువ. నూట ఇరవై ఏడు, నూట ఇరవై ఎనిమిది ఆమె నోట రానివి. రెండువందల పదహారు అన్యాయం. డాలరు దగ్గర ఆమెకు వచ్చిన చిక్కే. ఆమె అయితే మజ్జిగ పూర్తయ్యేలోపు ఏదో ఒకటి తేల్చేది.

"ఖాళీగా ఉంచు," అన్నాను.

"ఉంచితే మిషిన్ వేసుకుంటది. రోజుకొక తీరు చూపిస్తది. అత్తమ్మకు నచ్చదు."

"తెలుసు. రేపు వేస్తాను."

అప్పటి నుంచి రోజూ పొద్దున దుకాణానికి రాగానే దేశం మార్చే పెట్టెలో ఇంగ్లండు నొక్కి ఆ కొత్త చీర చూస్తున్నాను. ఒక రోజు నూట ఇరవై ఎనిమిది పౌండ్ల చిల్లర. ఇంకో రోజు నూట ఇరవై ఏడు పౌండ్ల చిల్లర. ఎవరి నోటి మాటా కాని అంకెలు. మేనకోడలు అడగడం మానలేదు, నేను రేపనడం మానలేదు. గడిలో కర్సరు పెట్టి కూర్చొంటాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక మరీ ఎక్కువసేపు కూర్చొంటాను, ఆమె చెప్పే వేళ అదే గనుక.